"మమ్మల్ని ఏమైనా అడగాలా?" అన్నప్పుడు ఏం అడిగితే అసలు సంగతి బయటపడుతుంది

ప్రశ్న: జావా బ్యాకెండ్‌లో ఐదేళ్ల అనుభవం. హైదరాబాద్‌లో ఒక అమెరికా కంపెనీ సొంతంగా నడిపే సెంటర్‌లో, అంటే జీసీసీలో, వచ్చే వారం చివరి రెండు రౌండ్లు ఉన్నాయి. ఒకటి ఆ టీమ్‌లోనే పనిచేసే సీనియర్ ఇంజనీర్‌తో, ఇంకొకటి హైరింగ్ మేనేజర్‌తో. ఇప్పుడున్న చోట చేరేముందు "వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంటుంది?" అని అడిగితే "చాలా బాగుంటుంది" అన్నారు. చేరాక చూస్తే వారానికి నాలుగు రాత్రులు పదకొండు దాకా కాల్సే. ఈసారి చివర్లో "ఏమైనా అడగాలా?" అంటే ఏం అడగాలి? టీమ్ ఎలాంటిది, మేనేజర్ ఎలాంటి మనిషి, నిజంగా పని ఎంత ఉంటుంది, ఇవన్నీ ఆ ఐదు నిమిషాల్లో తెలుసుకోవడం అయ్యే పనేనా?

జవాబు:

అవుతుంది. కాకపోతే మూడూ ఒకే మనిషి దగ్గర, ఒకే ఐదు నిమిషాల్లో తెలియవు. మీకు రెండు రౌండ్లున్నాయి, ఆఫర్ వస్తే మూడో అవకాశం కూడా ఉంటుంది. ఏది ఎవరిని అడగాలో ముందే పంచుకుంటే సరిపోతుంది.

ముందు మీ పాత ప్రశ్న ఎందుకు పనిచేయలేదో చూడండి. "బ్యాలెన్స్ ఎలా ఉంటుంది?" అని మీరు అడిగింది అవతలి మనిషి అభిప్రాయం. ఆయన అబద్ధమే చెప్పి ఉండాలని లేదు. ఎనిమిదేళ్లుగా రాత్రి పదకొండు దాకా కాల్స్‌లో కూర్చోవడం అలవాటైనవాళ్లకు, పగలు కాస్త ఖాళీ దొరికితే అది బాగున్నట్టే అనిపిస్తుంది. అభిప్రాయం అడిగితే వచ్చేది వాళ్ల అలవాటు, మీకు కావాల్సిన లెక్క కాదు. అందుకని ఎప్పుడూ ఈమధ్య జరిగిన ఒక సంగతిని అడగండి. "మొన్నటి వారం", "గత మూడు స్ప్రింట్లలో", "ఆఖరిసారి ఎప్పుడు" అన్న మాటలతో మొదలయ్యే ప్రశ్నకు జవాబుగా ఒక తేదీనో, అంకెనో, పనో చెప్పాలి. ఉన్నదాన్ని గుర్తుతెచ్చుకుని చెప్పడం సులువు, లేనిదాన్ని అప్పటికప్పుడు కల్పించడం కష్టం. కాబట్టి ఎక్కువమంది ఉన్నదే చెప్పేస్తారు.

పని బరువు గురించి సీనియర్ ఇంజనీర్‌ని అడగండి. మేనేజర్‌కి చాలాసార్లు ఆ లెక్క నిజంగానే తెలియదు. బ్యాకెండ్ ఉద్యోగంలో బరువు మూడు చోట్ల దాగి ఉంటుంది: రాత్రీ పగలూ ఎప్పుడు సిస్టమ్ చెడినా చూసుకునే ఆన్‌కాల్ వంతు, సాయంత్రం కాల్స్, స్ప్రింట్‌లో మిగిలిపోయే పని.

ఆన్‌కాల్ గురించి "ఆన్‌కాల్ ఉంటుందా?" అని అడగొద్దు, ఉంటుందనే అంటారు. "రొటేషన్‌లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, మీరు ఆఖరుగా చేసిన వారంలో ఎన్నిసార్లు పేజ్ వచ్చింది, అందులో నిద్ర లేపినవి ఎన్ని?" అని అడగండి. పేజ్ అంటే ఏదో చెడిందని ఫోనుకు వచ్చే అలర్ట్. ఇందులో మూడు ముక్కలున్నాయి కాబట్టి ఒక్కొక్కటే, జవాబు విన్నాక రెండోది అన్నట్టు అడగాలి. ఒకేసారి గుప్పిస్తే తేలికైన దానికే జవాబు చెప్పి మిగతావి వదిలేస్తారు.

మొదటి ముక్కలో "ఇప్పుడు" అన్న మాట ముఖ్యం. వారానికొకరు చొప్పున ఆరుగురు తిరిగితే ఒక్కొక్కరికి ఏడాదికి దాదాపు 9 వారాలు పడతాయి. అదే ఆరుగురిలో ఇద్దరు కొత్తగా చేరినవాళ్లయి ఇంకా రొటేషన్‌లోకి రాకపోతే, నలుగురే మోస్తున్నట్టు. అప్పుడు మనిషికి 13 వారాలు. ప్రైమరీతో పాటు, ఆ మనిషి అందుకోకపోతే ఫోను వెళ్లే సెకండరీ కూడా ఈ నలుగురే చేస్తుంటే ఇంకో 13 కలిసి 26 వారాలు, అంటే సగం ఏడాది ఫోను పక్కన పెట్టుకుని పడుకోవడమే. కాగితం మీద "ఆరుగురం" అన్న మాటకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. అందుకే సెకండరీ ఉందా, అది ఎవరు చేస్తారు అన్నది కూడా అడగాలి.

పేజ్‌ల సంఖ్యకు ఒక కొలత ఉంటే మంచిది. గూగుల్‌లో సిస్టమ్‌లు ఆగకుండా నడిచేలా చూసే ఎస్‌ఆర్‌ఈ బృందాలు 12 గంటల షిఫ్టుకు రెండు ఇన్సిడెంట్లకు మించకూడదని తమకు తాము హద్దు పెట్టుకున్నాయి. అంతకంటే ఎక్కువైతే ఒక్కో సమస్య మూలానికి వెళ్లి సరిచేయడానికి, జరిగింది రాసిపెట్టడానికి సమయం చాలదని వాళ్ల లెక్క. మీ టీమ్ ఆ ప్రమాణంలో ఉండాలని కాదు. వారంలో పది పేజ్‌లు వచ్చినా అన్నీ పగలే వస్తే ఒక రకం, మూడే వచ్చినా మూడూ తెల్లవారుజామున రెండింటికి వస్తే ఇంకో రకం. సంఖ్య కన్నా వేళ ముఖ్యం. ఇంకోటి, టీమ్ రెండు ఖండాల్లో ఉంది కాబట్టి మన పగలు మనం, వాళ్ల పగలు వాళ్లు చూసుకునే ఏర్పాటు ఉందా అని అడగండి. అది నిజంగా అమల్లో ఉంటే రాత్రి పేజ్‌లు దాదాపు ఉండవు. ఉందని చెప్పి కూడా రాత్రి పేజ్‌లు వస్తున్నాయంటే, అక్కడివాళ్లు అవసరం పడగానే ఇక్కడివాళ్లను లేపుతున్నారన్నమాట.

సాయంత్రం కాల్స్ దగ్గర చాలామంది మోసపోయేది గడియారం లెక్కలో. అమెరికా టీమ్ ఏ తీరంలో ఉందన్నది మొదట తెలియాలి. తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది అంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పడమటి తీరంలో ఉదయం ఎనిమిది అంటే వేసవిలో మనకు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. వాళ్లు గడియారం మార్చుకునేది మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. మీ ఇంటర్వ్యూ వేసవిలో జరిగి "ఎనిమిదిన్నరకల్లా కాల్స్ మొదలైపోతాయి" అన్నారనుకోండి, నవంబరు నుంచి మార్చి దాకా అవే కాల్స్ తొమ్మిదిన్నరకు మొదలవుతాయి. కాబట్టి "మొన్నటి వారం ఏయే రోజుల్లో సాయంత్రం ఏడు తర్వాత కాల్స్ ఉన్నాయి?" అని అడిగి, వెంటనే "చలికాలంలో అవి గంట ఆలస్యంగా మొదలవుతాయా, లేక అవతలివాళ్లు తమ టైమ్ మార్చుకుంటారా?" అని అడగండి. ఈ రెండో ప్రశ్నకు జవాబులో సర్దుకుపోయేది ఎప్పుడూ హైదరాబాదేనా, లేక రెండు వైపులా ఉందా అన్నది తెలిసిపోతుంది.

దీనికి అతుక్కుని ఉన్న సంగతి ఇంకొకటుంది. ఆఫీసుకు తప్పనిసరిగా రావాల్సిన రోజులు, రాత్రి కాల్స్ ఉన్న రోజులు ఒకటేనా? ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం వెళ్లి వచ్చే మనిషికి మంగళవారం ఆఫీసు, మంగళవారం రాత్రే తొమ్మిదిన్నర కాల్, బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు స్టాండప్ అంటే వారం మధ్యలోనే ఓపిక అయిపోతుంది. "రాత్రి కాల్ ఉన్న మర్నాడు మీరు ఎన్నింటికి లాగిన్ అవుతారు?" అని మామూలుగా అడిగి చూడండి. "పదకొండుకి వస్తాను, ఎవరూ ఏమీ అనరు" అన్న జవాబుకు, "మామూలు టైమ్‌కే" అన్న జవాబుకు మధ్య ఎంతో తేడా ఉంది.

స్ప్రింట్ గురించి ఒక్క ప్రశ్న చాలు: "గత రెండు మూడు స్ప్రింట్లలో అనుకున్నవన్నీ పూర్తయ్యాయా, మిగిలిపోతే ఏం చేశారు?" స్టోరీలు తర్వాతి స్ప్రింట్‌కి జరగడం తప్పు కాదు, అన్ని టీమ్‌లలోనూ జరుగుతుంది. వినాల్సింది రెండో ముక్క. "ప్రొడక్ట్ వాళ్లతో కూర్చుని రెండు తీసేశాం" అన్నారంటే పని ఎక్కువైతే తగ్గించే దారి ఒకటి ఉందని. "ఎలాగోలా లాగేశాం, అందరూ కాస్త స్ట్రెచ్ అయ్యారు" అన్నారంటే ఆ దారి శనివారం మీదుగా వెళ్తుందని.

ఇక మేనేజర్. "మీ మేనేజ్‌మెంట్ స్టైల్ ఏంటి?" అన్న ప్రశ్నను పూర్తిగా వదిలేయండి. "నేను మైక్రోమేనేజ్ చేయను, అందరికీ స్వేచ్ఛ ఇస్తాను" అన్న వాక్యం అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది.

జీసీసీల్లో అన్నింటికన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది. ఏ పని చేయాలో, దేన్ని ముందు చేయాలో, మీ రేటింగ్ ఎంతో తేల్చేది ఈయనేనా? హైదరాబాద్ మేనేజర్ సెలవులు, అప్రైజల్ కాగితాలు చూసుకుంటూ ఉంటే, పని మాత్రం అమెరికాలో ఉన్న లీడ్ చెప్పే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది. అప్పుడు మీకు ఇద్దరు బాసులు. ఇక్కడి మనిషి ఎంత మంచివారైనా అక్కడి నుంచి వచ్చిన డెడ్‌లైన్‌ని ఆపలేరు. నేరుగా "మీకు అధికారం ఉందా?" అంటే నొచ్చుకుంటారు. "గత క్వార్టర్‌లో టీమ్ ఏం చేయాలన్నది ఎలా తేలింది, ఇక్కడి నుంచి మీరు ఏమైనా మార్పించారా?" అని అడగండి. "వాళ్లు పంపిన జాబితాలో ఫలానా మైగ్రేషన్ వాయిదా వేయించాం, ఎందుకంటే..." అని ఒక ఉదాహరణ వస్తే ఆ మనిషి మాట చెల్లుతుందని అర్థం. "రోడ్‌మ్యాప్ అక్కడి నుంచి వస్తుంది, మనం ఎగ్జిక్యూట్ చేస్తాం" అంటే అదే జవాబు. అది చెడ్డదని కాదు, కానీ అప్పుడు ఎలాంటి మనిషో మీరు తెలుసుకోవాల్సింది అక్కడి లీడ్ గురించి. ఆఫర్ వచ్చాక ఆయనతోనే మాట్లాడించమని అడగాలి.

రెండోది, "ఈ పోస్టు కొత్తగా వచ్చిందా, లేక ఎవరైనా వెళ్తే ఖాళీ అయిందా?" ఎందుకు వెళ్లారు అని అడగొద్దు, దానికి ఎప్పుడూ "మంచి అవకాశం వచ్చింది" అన్న జవాబే. "ఆ పని ఇప్పుడు ఎవరు చూస్తున్నారు, ఎప్పటి నుంచి?" అని అడగండి. మన దగ్గర నోటీసు 60, 90 రోజులుంటుంది. ఒకరు వెళ్లిపోయి మూడు నెలలైంది, మీరు వచ్చేసరికి ఇంకో మూడు నెలలంటే, ఆ ఆరు నెలల్లో పక్కన పెట్టిన పనంతా మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. "మధ్యలో ఇద్దరు పంచుకున్నారు, కొన్ని ఆపేశాం" అని చెప్పగలిగిన మేనేజర్‌కి తన టీమ్‌లో ఎవరి మీద ఎంత ఉందో తెలుసు. అసలు ఆ ప్రశ్నకే తడబడితే తెలియదు.

మూడోది, కింద ఎంతమంది ఉన్నారు. ఇది చిన్న ప్రశ్నే గానీ చాలా చెబుతుంది. ఏడుగురుంటే వారానికి ఒక్కొక్కరితో అరగంట వన్ ఆన్ వన్ అంటే మూడున్నర గంటలు, చేయగలరు. పదిహేను మంది ఉంటే ఏడున్నర గంటలు, అంటే ఒక పూర్తి పనిరోజు. అలాంటప్పుడు రద్దయ్యేవి అవే. నిజంగా జరుగుతున్నాయో లేదో మేనేజర్‌ని కాదు, సీనియర్ ఇంజనీర్‌ని అడగండి: "గత నెలలో మీ వన్ ఆన్ వన్‌లు ఎన్ని జరిగాయి?" నెలకు నాలుగు ఉండాల్సినవి ఒక్కటే జరిగితే, మీ ఇబ్బంది ఏదైనా అప్రైజల్ రోజు దాకా ఆయన చెవిన పడదు.

మనిషి తీరు తెలియడానికి నాకు అన్నింటికన్నా నమ్మకమైన ప్రశ్న: "ఈమధ్య మీరు ఒకటి అనుకుని, టీమ్‌లో ఎవరో కాదంటే మార్చుకున్న సందర్భం ఏదైనా ఉందా?" అడిగాక ఆగండి. పది సెకన్ల మౌనం భరించలేక చాలామంది తామే "అంటే, డిజైన్ విషయంలో గానీ..." అని జవాబు అందించేస్తారు. అలా చేయకండి. ఆలోచించి ఒకటి చెబితే, అందులో కాదన్న మనిషి గురించి ఎలా మాట్లాడుతున్నారో వినండి. "జూనియరే, కానీ లోడ్ టెస్ట్ లెక్కలు చూపించింది, నేను అనుకున్నది తప్పని తేలింది" అన్న మాటలో గౌరవం ఉంది. "వినాలి కదా అందరిదీ, విన్నాం, చివరికి నేను చెప్పినట్టే చేశాం" అన్నారంటే అడిగినదానికి ఉదాహరణే లేదన్నమాట. ఏమీ గుర్తురాకపోతే అంతటితో తీసిపారేయొద్దు. ఇంటర్వ్యూలు వరుసగా చేసి అలసిపోయి ఉండొచ్చు. ఆ ఖాళీని సీనియర్ ఇంజనీర్ దగ్గర పూరించుకోండి.

టీమ్ వాతావరణానికి నేను రెండే చెబుతాను. ఒకటి, ఆఖరి పెద్ద ఇన్సిడెంట్ మర్నాడు ఏం జరిగింది. జవాబులో మనిషి వస్తున్నాడా, మార్పు వస్తోందా అన్నది గమనించండి. "ఒకబ్బాయి కాన్ఫిగ్ తప్పు పెట్టాడు, తర్వాత అందరికీ మెయిల్ వచ్చింది, ఇప్పుడు ప్రతి డిప్లాయ్‌కి డైరెక్టర్ అప్రూవల్ కావాలి" అంటే భయంతో నడిచే చోటు. "కాన్ఫిగ్‌కి వాలిడేషన్ లేదని తేలింది, పోస్ట్‌మార్టమ్‌లో నాలుగు పనులు రాసుకున్నాం, మూడు అయ్యాయి" అంటే వేరే చోటు. నాలుగింట్లో మూడు అయ్యాయన్న ఆ చివరి ముక్క కూడా విలువైనదే. పోస్ట్‌మార్టమ్ రాయడం అందరూ చేస్తారు, అందులో రాసిన పనులకు స్ప్రింట్‌లో చోటిచ్చేవాళ్లు తక్కువ.

రెండోది మన దగ్గరే పనికొచ్చే ప్రశ్న: "మొన్న సంక్రాంతికి ఆన్‌కాల్ ఎవరు చూశారు, ఎలా తేల్చుకున్నారు?" అమెరికా క్యాలెండర్‌లో సంక్రాంతి లేదు, అక్కడ పని మామూలుగానే నడుస్తుంది. హైదరాబాద్ టీమ్‌లో సగం మందికి ఆ మూడు రోజులే ఊరెళ్లాలని ఉంటుంది. ఒకే రోజులు అందరికీ కావాలి, ఇవ్వలేరు. అలాంటప్పుడు "దసరాకి నేను చూశాను, సంక్రాంతికి వేరేవాళ్లు" అని వంతులు పెట్టుకున్నారా, "పండగ లేనివాళ్లు తామే తీసుకున్నారు, వాళ్లకు రంజాన్‌కి, క్రిస్మస్‌కి మేం చూస్తాం" అన్నారా, "కొత్తగా చేరినవాళ్లకు వేశారు" అన్నారా? కొత్తగా చేరబోయేది మీరే కాబట్టి ఆ మూడో జవాబును కాస్త శ్రద్ధగా వినండి.

ఇప్పుడు ఇవన్నీ మీ రెండు రౌండ్లలో ఎలా కూర్చుకోవాలో ఒక ఊహా ఉదాహరణగా చూద్దాం. సీనియర్ ఇంజనీర్ రౌండ్‌లో చివరికి ఎనిమిది నిమిషాలు మిగిలాయనుకోండి. మూడు ప్రశ్నలకు మించి పట్టవు. పేజ్‌లు, సాయంత్రం కాల్స్, సంక్రాంతి. మొదటిదానికి ముందు కారణం ఒక్క వాక్యంలో చెప్పండి: "చేరాక రొటేషన్‌కి సిద్ధం కావాలి కదా, అది ఎలా నడుస్తోందో తెలుసుకుందామని." అది నిజమైన కారణమే, పైగా ప్రశ్న ఫిర్యాదులా వినపడదు.

ఆయన చెప్పింది ఇది: రొటేషన్‌లో ఐదుగురం, వారానికొకరు, సెకండరీ లేదు, కావాలంటే లీడ్‌కి ఫోన్ చేస్తాం. మొన్న నా వారంలో పద్నాలుగు పేజ్‌లు, రాత్రివి నాలుగు, ఎక్కువ భాగం ఒకే బ్యాచ్ జాబ్ నుంచి. సోమ, బుధ, గురువారాల్లో ఎనిమిదిన్నరకు కాల్.

తర్వాత మేనేజర్ రౌండ్. ఐదు నిమిషాలు మిగిలాయి. ముందు క్వార్టర్ ప్రాధాన్యాల ప్రశ్న అడిగారు. తర్వాత ఆన్‌కాల్ గురించి అడిగితే ఆమె "చాలా తేలిక, నెలకు ఒకటో రెండో ఇన్సిడెంట్లు" అన్నారు.

పద్నాలుగుకీ ఒకటి రెండుకీ పొంతన లేదు. ఇక్కడే తొందరపడి ఎవరో అబద్ధం చెబుతున్నారని తేల్చేయకూడదు. మేనేజర్ లెక్క కస్టమర్‌కి తెలిసే స్థాయి ఇన్సిడెంట్లది, ఇంజనీర్ లెక్క ఫోను మోగినవన్నీ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కానీ ఆ తేడాయే మీకు కావాల్సిన సమాచారం: వారంలో నాలుగుసార్లు రాత్రిపూట మోగే ఫోను మేనేజర్ చూసే రిపోర్టులో లేదు. రిపోర్టులో లేనిదాన్ని తగ్గించడానికి ఎవరూ సమయం ఇవ్వరు. అందుకని అక్కడికక్కడే తర్వాతి ప్రశ్న: "అనవసరమైన అలర్ట్‌లు తగ్గించే పనికి గత క్వార్టర్‌లో స్ప్రింట్‌లో చోటు దొరికిందా?" సీనియర్ ఇంజనీర్ ఇలా అన్నారని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పొద్దు. ఆయన మిమ్మల్ని నమ్మి ఉన్నమాట చెప్పారు, దాన్ని ఆయన మేనేజర్ ముందు పెట్టడం అన్యాయం. "అవును, ఒక బ్యాచ్ జాబ్ ఇబ్బంది పెడుతోంది, ఈ నెల దాన్ని తిరగరాస్తున్నాం" అన్నారంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఆమెకు విషయం తెలుసు, మందు కూడా మొదలైంది. "అది టీమ్ వాళ్లే ఖాళీ దొరికినప్పుడు చూసుకుంటారు" అంటే ఆ పద్నాలుగు మీరు చేరాక కూడా పద్నాలుగే.

ఇప్పుడు కాగితం మీద కూడండి. ఐదుగురు అంటే ఏడాదికి పది వారాల పైన ఆన్‌కాల్. మీరు చేరితే ఆరో మనిషి, తొమ్మిదికి కాస్త లోపుకి దిగుతుంది. ఆన్‌కాల్ వారానికి నాలుగు రాత్రి పేజ్‌లు చొప్పున ఏడాదికి దాదాపు ముప్పై అయిదు సార్లు నిద్ర లేవడం. సాయంత్రాలు వారానికి మూడు, ఎనిమిదిన్నరకు మొదలు, చలికాలంలో తొమ్మిదిన్నర. ఇప్పుడున్న చోట నాలుగు రాత్రులు పదకొండు దాకా అంటున్నారు. పక్కపక్కన పెట్టుకుంటే ఇది ఎంత మెరుగో, ఆ మెరుగుకు జీతం తేడా చాలో చాలదో మీరే తేల్చుకోగలరు. "కల్చర్ బాగుంది" అన్న మాటతో ఈ లెక్క వేయలేరు.

ప్రతి రౌండ్ అయిపోయిన పది నిమిషాల్లోపు వాళ్లన్న మాటలు యథాతథంగా రాసుకోండి. "ఆన్‌కాల్ పర్వాలేదు" అని మీ మాటల్లో కాదు, "ఐదుగురం, పద్నాలుగు, రాత్రివి నాలుగు" అని. సాయంత్రానికి మీ బుర్ర ఆ ఉద్యోగం కావాలన్న కోరికతో ఆ అంకెల్ని మెత్తబరుస్తుంది. ఇంకో విషయం, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో నడుస్తుంది కాబట్టి మీ ప్రశ్నల్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా ముందే రాసుకుని రెండుమూడు సార్లు పైకి అని చూసుకోండి. అప్పటికప్పుడు కూర్చితే "రాత్రి పని అంత ఉండదు కదా?" అన్నట్టు తయారవుతాయి. ప్రశ్నలోనే జవాబు పెట్టేస్తే ఎదుటివాళ్లు దానికే తలూపుతారు.

అన్నీ ఇంటర్వ్యూలోనే అడగాలన్న తొందర వద్దు. అసలైన సమయం ఆఫర్ చేతికొచ్చాక, మీరు ఒప్పుకోకముందు. అప్పటిదాకా వాళ్లు మిమ్మల్ని తూస్తున్నారు, అప్పటి నుంచి మీరు ఒప్పుకోవాలని వాళ్లకు ఉంటుంది. రిక్రూటర్‌కి ఒక చిన్న మెయిల్ పెట్టండి: ఆఫర్ చూశాను, సంతోషం, నిర్ణయం చెప్పేముందు మేనేజర్‌తో, టీమ్‌లో ఇంకొక ఇంజనీర్‌తో ఇరవై నిమిషాలు మాట్లాడే వీలు కల్పించగలరా అని. ఇది అరుదైన కోరిక కాదు, చాలామంది ఒప్పుకుంటారు. మేనేజర్ తీరు గురించిన ప్రశ్నలు, వన్ ఆన్ వన్‌ల సంగతి, ఇంటర్వ్యూలో పట్టనివన్నీ అప్పుడు తీరిగ్గా అడగండి. ఆన్‌కాల్‌కి విడిగా డబ్బిస్తారా, కాంపాఫ్ ఇస్తారా, ఆఫర్ లెటర్‌లో పనివేళలు ఎలా రాశారు అన్నవి మాత్రం రిక్రూటర్‌నే అడగాలి. మేనేజర్ నోటిమాటగా "మీకు ఆరు నెలల దాకా ఆన్‌కాల్ ఉండదు" లాంటిది చెబితే, "మనం అనుకున్నట్టు ఆరు నెలల తర్వాతే రొటేషన్‌లోకి వస్తాను" అని అదే రోజు మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. అది కాంట్రాక్టు కాదు, కానీ మాట మరిచిపోయినప్పుడు గుర్తుచేయడానికి పనికొస్తుంది. ఇవన్నీ అయ్యాకే ఇక్కడ రాజీనామా పెట్టండి, ముందు కాదు.

మీ నోటీసు మూడు నెలలైతే ఇంకొక ప్రశ్న తప్పదు: "నేను చేరేనాటికి ఈ టీమ్ మీ కిందే ఉంటుందా, మార్పులేమైనా అనుకుంటున్నారా?" మూడు నెలల్లో మేనేజర్లు మారిపోవడం ఈ సెంటర్లలో మామూలే. వాళ్లకు తెలిసినా చెప్పలేని మార్పులు కొన్ని ఉంటాయి, కాబట్టి దీనికి పూర్తి భరోసా దొరకదు. అందుకే చేరడానికి రెండు వారాల ముందు "ఫలానా తేదీన చేరుతున్నాను, మొదటి వారం ప్లాన్ ఎలా ఉంది?" అని మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టండి. జవాబు వేరే మనిషి నుంచి వస్తే విషయం అప్పుడే తెలుస్తుంది.

పైన చెప్పిందంతా మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీరు చేరబోయే టీమ్ వాళ్లే అయినప్పటి మాట. మీకు అలాగే చెప్పారు, అయినా ప్రతి రౌండ్ మొదట్లో "మీరు ఇదే టీమ్‌లో పనిచేస్తున్నారా?" అని ఖాయం చేసుకోండి. ఆఖరి నిమిషంలో ప్యానెల్‌లోకి పక్క టీమ్ మనిషిని పంపడం జరుగుతుంటుంది. అలాంటివారిని పేజ్‌ల సంఖ్య అడగడం దండగ. "మీరు పక్క నుంచి చూస్తున్నారు కదా, ఈ టీమ్ వాళ్లతో కలిసి ఆఖరుగా చేసిన పని ఎలా సాగింది?" అని ఒక్కటి అడిగి, మిగతా ప్రశ్నలన్నీ ఆఫర్ తర్వాతి కాల్‌కి దాచుకోండి. సర్వీసెస్ కంపెనీల్లో చేరాకే ప్రాజెక్టు కేటాయించే చోట మేనేజర్ గురించి అడిగే వీలే ఉండదు. అక్కడ అడగాల్సింది వేరు: గత ఆరు నెలల్లో ఇదే స్కిల్‌తో చేరినవాళ్లు ఏ క్లయింట్లకు వెళ్లారు, ఏ షిఫ్టులో, ప్రాజెక్టు వచ్చేదాకా ఎన్ని వారాలు బెంచ్‌లో ఉన్నారు.